పలచబడిన నోట్‌బుక్కు

జూన్‌లో ఐదో తరగతి మొదలైనప్పుడు మా అమ్మాయికి తెలుగు కోసం 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కు కొన్నాం. ఆగస్టు నెలాఖరుకి అట్ట నలిగిపోతే కొత్త బ్రౌన్ పేపర్ వేద్దామని తీశాను. చేతిలో ఉన్నది నేను కొన్న పుస్తకంలా లేదు. పలచగా ఉంది. కూర్చుని పేజీలు లెక్కపెట్టాను. 128 ఉన్నాయి. ఎక్కడా చిరిగిన అంచు లేదు, ఊడి వేలాడుతున్న కాగితం లేదు.

మధ్యలో కుట్టిన పుస్తకంలో ఒక కాగితం చింపితే అవతలి సగంలో దాని జత కాగితం వదులై ఊడొస్తుంది. చిన్నప్పుడు పడవలు చేసుకోడానికి పుస్తకాలు చింపిన మనందరికీ తెలిసిన సంగతే. మా బుజ్జి దాన్ని కూడా కనిపెట్టి, జత కాగితాన్ని కూడా జాగ్రత్తగా లాగేస్తోంది. అంటే ఒక్క తప్పు పడితే నాలుగు పేజీలు పోతున్నాయి. 72 పేజీలంటే పద్ధెనిమిది సార్లు. ఆ కాగితాలు మంచం కింద పాత బూట్ల డబ్బాలో దొరికాయి, నాలుగేసి మడతలు పెట్టి. చెత్తబుట్టలో వేస్తే ఎవరైనా చూస్తారని దాచింది. ఒకటి విప్పి చూశాను. ఎనిమిది వరుసలు ముత్యాల్లాంటి అక్షరాలు. తొమ్మిదో వరుసలో ‘విద్యార్థి’ అన్న మాటలో థ బదులు ధ పడి, దాన్ని దిద్దిన చిన్న మచ్చ. అంతే.

నాలుగో తరగతి దాకా వాళ్ళ స్కూల్లో పెన్సిలు, ఐదు నుంచి పెన్ను. పెన్సిలు రోజుల్లో నెలకి రెండు రబ్బర్లు అరిగిపోయేవి. తలకట్టు కాస్త వంకర పోయినా చెరిపి మళ్ళీ పెట్టేది. అది శుభ్రత అనుకుని మురిసిపోయాను. పెన్ను చేతికొచ్చాక గానీ నాకు అసలు సంగతి కనబడలేదు. రబ్బరు నాలుగేళ్ళుగా దాచిపెట్టిన దాన్ని పెన్ను మూడు నెలల్లో బయటపెట్టింది.

మా అమ్మాయి క్లాసులో మొదటి ర్యాంకు. అబాకస్ పోటీల్లో రెండు కప్పులు తెచ్చింది. ఎవరైనా అడిగితే నేను అనే మాట ఒకటుండేది: “మేమేం చెప్పక్కర్లేదండీ, తనే చదువుకుంటుంది.” కాకినాడలో మా బ్యాంకు కౌంటర్ దగ్గర ఈ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. పిల్లల్ని తెల్లవారుజామున నాలుగింటికి లేపేవాళ్ళనీ, మార్కులు తగ్గితే చెయ్యి చేసుకునేవాళ్ళనీ చూసి, మేం అలాంటివాళ్ళం కాదులే అని ఊరట పడేదాన్ని. ఇక్కడే నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. కాస్త ఘాటుగా అనిపించినా చెబుతాను. ‘మేం ఒత్తిడి పెట్టం’ అనే ఇళ్ళలో ఒక్క తప్పూ పడకూడదన్న ఈ జబ్బు మరింత నిశ్శబ్దంగా పెరుగుతుంది. కొట్టే ఇంట్లో పిల్లకి కనీసం ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలుసు. మా ఇంట్లో దానికి ఆ వీలు కూడా లేదు. తిట్టేవాళ్ళు లేని చోట తనే తన పరీక్షాధికారి అయి కూర్చుంది.

ఇందులో ముందుగా విడదీసి చూసుకోవాల్సింది ఒకటుంది. ఎక్కువ మార్కులు కావాలనుకోవడం వేరు, ఇది వేరు. 2002లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన రోజ్ షఫ్రాన్, జాఫ్రా కూపర్, క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ పర్ఫెక్షనిజం మీద రాసిన వ్యాసం దీని గుట్టు విప్పింది. మనిషి తన విలువ మొత్తాన్ని తను పెట్టుకున్న కొలబద్దని అందుకోవడం మీదే ఆనించడం, దానివల్ల నష్టం జరుగుతున్నా వదలలేకపోవడం. వాళ్ళు చెప్పిన అసలు జబ్బు ఇది. కొలబద్ద ఎంత ఎత్తున ఉందన్నది కాదు. దీంతో పాటు వాళ్ళు చెప్పిన ఇంకో మాట నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది. ఇలాంటివాళ్ళు అనుకున్నది సాధించినా లాభం ఉండదు. ‘సాధించానంటే అది సులువైనదే అయ్యుంటుంది’ అని కొలబద్దని ఇంకో మెట్టు పైకి జరుపుతారు.

అబాకస్‌లో రెండో కప్పు వచ్చిన రాత్రి నాకు గుర్తొచ్చింది. వాళ్ళ నాన్న ఐస్‌క్రీం తెచ్చారు. అది తినకుండా బుజ్జి అంది, “ఈసారి పేపర్ ఈజీ ఇచ్చారు నాన్నా. అందరికీ వచ్చేదే.” ఎంత వినయమో అనుకున్నాం మేం. వినయం కాదది. గెలుపు దాని ఖాతాలో జమ కావడం లేదు, ఓటమి మాత్రం అణాపైసలతో ఖర్చు రాసుకుంటోంది. బ్యాంకులో పనిచేసే నాకు ఇంత ఆలస్యంగా అర్థమైంది.

తప్పంతా పొగడ్తదే అనను, కానీ దాని వాటా దానికుంది. 1998లో క్లాడియా మ్యూలర్, కెరొల్ డ్వెక్ అమెరికాలో సరిగ్గా ఐదో తరగతి పిల్లలతోనే చేసిన ప్రయోగాలున్నాయి. పిల్లలకి ముందు కొన్ని బొమ్మల పజిల్స్ ఇచ్చారు. బాగా చేశావని అందరికీ చెప్పారు. కొందరితో ‘నువ్వు తెలివైనదానివి’ అన్నారు, కొందరితో ‘బాగా కష్టపడ్డావు’ అన్నారు. తర్వాత కష్టమైన పజిల్స్ ఇచ్చి, సరిగ్గా చెయ్యలేదని చెప్పారు. మూడోసారి మళ్ళీ మొదటి రకం సులువైనవే ఇచ్చారు. తెలివైనదానివి అనిపించుకున్న పిల్లలు మొదటిసారి కంటే తక్కువ చేశారు, కష్టపడ్డావు అనిపించుకున్నవాళ్ళు ఎక్కువ చేశారు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ తర్వాతి సంగతి. వేరే స్కూలు పిల్లలకి ఈ పజిల్స్ గురించి పేరు లేకుండా రాయమని, మీకు ఎన్ని వచ్చాయో కూడా వెయ్యమని అన్నారు. తెలివైనవాళ్ళనిపించుకున్న పిల్లల్లో పదికి దాదాపు నలుగురు తమ మార్కులు మార్చి రాశారు. ముక్కూ మొహం తెలియని పిల్లలకి, పేరు కూడా లేని కాగితం మీద! రెండో గుంపులో అలా చేసినవాళ్ళు పదికి ఒకరు, కాస్త పైన. తర్వాతి పరిశోధనల్లో ఈ రకం ఫలితాలు కొన్నిచోట్ల ఇంత బలంగా రాలేదు కాబట్టి ‘తెలివైనదానివి’ అనడం మానేస్తే అంతా సర్దుకుంటుందని నేను చెప్పను. కానీ మంచం కింద బూట్ల డబ్బా ఎందుకొచ్చిందో మాత్రం నాకు అక్కడే తెలిసింది.

“మేం ఎప్పుడూ ఏమీ అనలేదే!” అన్నారు మావారు. నిజమే, నోటితో అనలేదు. 2016లో కైలా హైమోవిట్జ్, డ్వెక్ కలిసి తల్లిదండ్రుల మీద చేసిన అధ్యయనం చెప్పేది కూడా ఇదే. తెలివి గురించి పెద్దవాళ్ళు లోపల ఏమనుకుంటారో పిల్లలకి అంతగా కనబడదు, ఓటమి ఎదురైనప్పుడు వాళ్ళు ఎలా ప్రవర్తిస్తారో మాత్రం బాగా కనబడుతుంది. నలభై ఎనిమిది వచ్చిన పేపర్ చూసి నేను ఎప్పుడూ “రెండు ఎక్కడ పోయాయి?” అనలేదు. కానీ పేపర్ తీసుకోగానే నా చూపు ఎర్ర సిరా ఉన్న చోటికే పోతుంది. ఈ మాట బుజ్జే చెప్పింది, ఎన్నో వారాల తర్వాత. “నువ్వు ముందు ఎర్రది చూస్తావు. తర్వాత నవ్వుతావు.”

మేం విశాఖపట్నంలో ఒక పిల్లల సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. మూడు నెలల్లో ఏడుసార్లు. “మార్కులు ముఖ్యం కాదమ్మా, తప్పు చేస్తే పర్వాలేదు అని రోజూ చెబుతున్నామండీ” అని నేను మొదటిరోజే గొప్పగా చెప్పాను. ఆవిడ అడిగారు, “రోజుకి ఎన్నిసార్లు చెబుతున్నారు?” నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. ఒక వారం లెక్కపెట్టి రమ్మన్నారు.

లెక్కపెట్టాను. ఆదివారం ఒక్క హోంవర్కు అయ్యేలోపు “అమ్మా, బాగుందా?” అన్న మాట పద్నాలుగు సార్లు వచ్చింది. పద్నాలుగు సార్లూ నేను “బాగుంది బుజ్జీ” అన్నాను. ప్రతిసారీ దాని ముఖం ఒక నిమిషం తేటపడేది, మళ్ళీ ముసురుకునేది. దురద పెట్టిన చోట గోకినట్టు ఉంది వ్యవహారం. గోకినప్పుడు హాయి, తర్వాత ఇంకాస్త దురద. నేను అభయం ఇచ్చిన ప్రతిసారీ దానికి అందుతున్న పాఠం ఏమిటంటే, ఇది అభయం అవసరమైనంత ప్రమాదమే అని. ‘పర్వాలేదు’ అన్న మాట పనిచెయ్యకపోవడానికి కారణం అదే. ఆ మాట అబద్ధమని కాదు, పిల్ల దాన్ని తనంతట తాను తేల్చుకునే అవకాశం మనం ముందే లాగేసుకుంటున్నాం.

దీన్ని ఒక్కసారిగా ఆపెయ్యకూడదు. నేను ఆపాను. రెండో రోజుకి ఇల్లు పీకి పందిరేసింది. ముందు పిల్లతో మాట్లాడుకుని ఒప్పందం చేసుకోవాలని ఆవిడ చెప్పారు. ఒక హోంవర్కుకి ఒక్కసారి చూపించవచ్చు, అదీ అయిపోయాక. మధ్యలో అడిగితే నేను అనాల్సిన మాట కూడా ముగ్గురం కూర్చుని ఖాయం చేసుకున్నాం: “నీకేమనిపిస్తోంది?” మొదటి వారం దానికి బుజ్జి దగ్గర జవాబు లేదు, ఏడుపే. మూడో వారంలో ఒకరోజు “నాకు కొంచెం బాలేదనిపిస్తోంది, కానీ ఉంచేస్తా” అంది. ఆ ‘కానీ ఉంచేస్తా’ని నేను క్యాలెండర్ మీద రాసుకున్నాను.

అసలు పని తర్వాత మొదలైంది. ఒక చిన్న పుస్తకంలో ప్రతి పేజీనీ మూడు గళ్ళు చేశాం. మొదటి గడిలో ఏం చెయ్యబోతున్నాం, రెండో గడిలో చేస్తే ఏమవుతుందని భయం, అది జరుగుతుందని నూటికి ఎంత నమ్మకం. ఈ రెండూ ముందే రాయాలి. మూడో గడిలో నిజంగా ఏమైంది, అది పని అయ్యాక. ముందుగా రాయడం మీద ఆవిడ చాలా పట్టుబట్టారు. రాసి ఉంచకపోతే పని అయ్యాక పిల్లలు ‘నేనేం అంత భయపడలేదులే’ అనేస్తారు, దాంతో భయం ఓడిపోయిన సంగతి వాళ్ళకే తెలియకుండా పోతుంది.

పనులు కూడా మెట్లు మెట్లుగా పెట్టుకున్నాం. ఏ మెట్టు ఎక్కడ ఉండాలో బుజ్జే చెప్పింది. రఫ్ పేపర్ మీద ఎడమ చేత్తో ఏనుగు బొమ్మ వెయ్యడం అన్నిటికంటే కింద. ఊళ్ళో ఉన్న అమ్మమ్మకి పెన్నుతో ఉత్తరం రాసి, తప్పు పడితే గీత కొట్టి, తిరగరాయకుండా పోస్టు చెయ్యడం రెండోది. స్కూలు పుస్తకంలో ఒక కొట్టివేత ఉంచడం మూడోది. దానిపైన, ఖాయంగా తెలియని ప్రశ్నకి క్లాసులో చెయ్యెత్తడం. అన్నిటికంటే పైన, తనకి అస్సలు రాని షటిల్ ఆటకి మా వీధి పిల్లలతో వెళ్ళడం. ఆశ్చర్యం ఏమిటంటే నేను చేసుంటే షటిల్‌ని కింద పెట్టేదాన్ని. ఆటే కదా! దానికి మాత్రం అది నలుగురి ముందు రాకపోవడం. మెట్ల వరుస పెద్దవాళ్ళు వెయ్యకూడదన్నది అందుకే.

అమ్మమ్మ ఉత్తరానికి రెండో గడిలో ఇలా రాసింది: ‘అమ్మమ్మ అనుకుంటుంది, నేను బద్ధకంగా రాశానని. నూటికి 70.’ ఉత్తరంలో నాలుగు కొట్టివేతలున్నాయి. వారానికి మా అమ్మ ఫోన్ చేసి, మామిడి చెట్టు కొట్టించేసిన సంగతి, దూడ సంగతి చెప్పి, ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నానని చెప్పింది. బుజ్జి ఉండబట్టలేక అడిగేసింది, “గీతలు చూశావా?” “ఏ గీతలే?” అంది మా అమ్మ. మూడో గడిలో ‘అమ్మమ్మ చూడనే లేదు’ అని రాసుకుంది. నాకు సంబరం.

ఆ సంబరంలోనే పెద్ద పొరపాటు చేశాను. ఊపు వచ్చింది కదా అని మూడో మెట్టుని నేనే జరిపేశాను. కొట్టివేత ఎందుకు, ఏకంగా సోషల్ హోంవర్కులో కావాలని ఒక స్పెల్లింగ్ తప్పు రాసి పంపిద్దాం అన్నాను. బుజ్జి తలూపింది. రాసింది. సాయంత్రం పుస్తకం చూస్తే తప్పు లేదు. స్కూలు ఆటోలో, స్నేహితురాలి వైట్‌నర్ అడిగి దిద్దేసుకుంది. గతుకుల్లో అంత చక్కగా ఎలా దిద్దిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సైకాలజిస్టుకి చెబితే ఆవిడ నన్నే అడిగారు, “ఎవరి ఆలోచన ఇది, మీదా పాపదా?” నాదే. పిల్లకి పర్ఫెక్షన్ మాన్పించడంలో కూడా నాకు ఫస్టు ర్యాంకు కావాల్సి వచ్చింది. మెట్టు మరీ ఎత్తయిందని తెలుసుకోవడానికి గుర్తు కూడా అదే. పిల్ల ఎదురు చెప్పకుండా ఒప్పుకుని, తర్వాత గుట్టుగా దిద్దుకుంటుంది. ఎదురు చెబితే నయం. బేరమాడే పిల్ల నిజం చెబుతున్నట్టు.

వెనక్కి వచ్చాం. పాత మూడో మెట్టే. తెలుగు హోంవర్కులో తప్పు పడితే దాని మీద స్కేలుతో ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయడం, వైట్‌నర్ లేదు, చింపడం లేదు. రెండో గడి: ‘టీచర్‌కి నా మీద ఇష్టం పోతుంది. 90.’ ఇక్కడ మేం అనుకోనిది జరిగింది. టీచర్ నిజంగానే అంది. కొట్టివేతకి ఎర్ర సున్నా చుట్టి, క్లాసులో అందరి ముందు, “ఏమ్మా, నువ్వు కూడానా?” అంది. బుజ్జి ఇంటికొచ్చి సంచీ విసిరేసి, “చెప్పాను కదా!” అని అరిచింది. నాకు చేతులాడలేదు. వెళ్ళి టీచర్‌తో పోట్లాడాలనిపించింది. మావారు మాత్రం ఆ పుస్తకం తెరిచి, రెండో గడి చదివి, మెల్లగా అడిగారు: “ఇష్టం పోతుందని రాశావు తల్లీ. తిడుతుందని రాయలేదు. ఆ తర్వాత టీచర్ ఏం చేసింది?” కాసేపు మౌనం. తర్వాత, లంచ్ అయ్యాక స్టాఫ్‌రూం నుంచి పుస్తకాలు తెమ్మని తననే పంపిందట, ఎప్పటిలాగే. ‘తిట్టింది. ఏడుపొచ్చింది. తర్వాత పుస్తకాలు తెమ్మంది. 90 కాదు, 20.’ ఇదీ మూడో గడి.

మొత్తం వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇక్కడే ఉంది. ఇలాంటి ప్రయత్నాల గురించి చదివినప్పుడు, తప్పు చేసినా ఏమీ కాదని పిల్లకి చూపించడమే లక్ష్యం అనుకున్నాను. మన స్కూళ్ళలో తప్పు చేస్తే ఏదో ఒకటి అవుతుంది. ఎర్ర సున్నా పడుతుంది, మార్కు పోతుంది, ఒక్కోసారి నవ్వుతారు. ఏమీ కాదని చెప్పే తల్లిని పిల్ల వారంలో నమ్మడం మానేస్తుంది. ఏదో అయినా, ఆ మధ్యాహ్నం గడుస్తుందనీ, లంచ్ తర్వాత మళ్ళీ పుస్తకాలు తెమ్మంటారనీ తెలియడమే కావాల్సింది. అమ్మమ్మ ఉత్తరం కంటే ఎర్ర సున్నాయే బుజ్జికి ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం. అలాగని టీచర్ అన్నది ఒప్పని కాదు. తర్వాత ఒకరోజు వెళ్ళి, మా ఇంట్లో జరుగుతున్నది చెప్పి, బుజ్జి పుస్తకంలో గీతలు కనబడితే అది మేం కోరుకున్నదేనని చెప్పాను. ఆవిడ కాసేపు చూసి, “నాకూ ఇంట్లో ఒకడున్నాడండీ ఇలాగే” అంది.

మా అత్తయ్యగారికి ఈ గళ్ళ పుస్తకం ఏమీ నచ్చలేదు. “తప్పులు రాయమని నేర్పించే తల్లిని ఇప్పుడే చూస్తున్నా” అనేవారు. కానీ ఒక సాయంత్రం ఆవిడే బుజ్జిని కూర్చోబెట్టుకుని, “నీకు చిన్నప్పుడు స్నానం చేయించాక బుగ్గన చుక్క పెట్టేదాన్ని, ఎందుకో తెలుసా?” అని అడిగారు. “దిష్టి తగలకుండా.” “మరి అంత చక్కటి ముఖానికి నల్ల మచ్చ పెట్టామా లేదా? నీ పుస్తకానికీ ఒకటి ఉండనీ.” మేం మూడు నెలలుగా చెప్పలేనిది ఆవిడ ఒక్క మాటలో చెప్పేశారు. ఆ రోజు నుంచి కొట్టివేతకి మా ఇంట్లో పేరు దిష్టిచుక్క. “ఇవాళ రెండు దిష్టిచుక్కలు” అని చెప్పడం మొదలుపెట్టింది బుజ్జి.

ఇది కూడా కాస్త తేడా కొట్టబోయింది. పది రోజులకి చూస్తే ప్రతి పేజీలో కుడి వైపు కింద, ఒకే చోట, ఒకే సైజులో, ఒక్కొక్క కొట్టివేత. తప్పు పడకపోతే మాటని కావాలని తప్పుగా రాసి కొడుతోంది! అది తప్పులకి అలవాటు పడటం కాదు, కొత్త నియమం పుట్టడం. చుక్క లేని పేజీ ఇప్పుడు దానికి అసంపూర్ణం. ఇలా జరగవచ్చని సైకాలజిస్టు ముందే అన్నారు. బిగుసుకున్న మనసు ఏ సలహానైనా చట్టంగా మార్చుకోగలదు. మేం దాన్ని నవ్వులాటలోకి దింపేశాం. “ఇవాళ చుక్క పెట్టకుండా ఒక పేజీ వదిలెయ్, చూద్దాం” అన్నాను. రెండు రోజులు సణిగి వదిలేసింది.

ఇంకొక్క మార్పు గురించి చెప్పాలి, ఎందుకంటే మెట్ల కంటే ముందు ఇంట్లో ఊపిరి ఆడేలా చేసింది అదే. హోంవర్కు ఎంత బాగుండాలి అన్నదానికి హద్దు పెట్టలేం, ఎంతసేపు చెయ్యాలి అన్నదానికి పెట్టగలం. బుజ్జి క్లాసు పిల్లలు ముప్పావుగంటలో చేసేదాన్ని అది రెండున్నర గంటలు చేసేది. మొదటి వారం రెండు గంటలకి పుస్తకం మూత. తర్వాత ప్రతి వారం పదిహేను నిమిషాలు తగ్గిస్తూ ఆరో వారానికి ముప్పావుగంటకి తెచ్చాం. అలారం మోగాక మిగిలింది మిగిలినట్టే, నేను డైరీలో ‘సమయం అయిపోయింది’ అని సంతకం పెట్టేదాన్ని. అయితే అన్నిటికీ ఇదే రూలు కాదు. బొమ్మలు వెయ్యడం దానికి ప్రాణం. అక్కడ ఎంతసేపైనా, ఎన్నిసార్లైనా దిద్దుకోనిచ్చాం. దేనికి నూరు కావాలి, దేనికి డెబ్బై చాలు అని ఎంచుకోవడం నేర్పాలి గానీ, అన్నిటికీ డెబ్బై చాలని చెబితే ఈ పిల్లలు వినరు. వినకపోవడమే మంచిది కూడా.

ఇంట్లో ఇలా చేసుకుంటే సరిపోయే పిల్లలున్నారు, సరిపోని పిల్లలున్నారు. తిరగరాయడం మార్కుల కోసమూ కాక, ఎవరో ఏదో అంటారనీ కాక, ‘సరిగ్గా అనిపించేదాకా’ రాస్తూ ఉంటే అది ఓసీడీ అనే మానసిక సమస్య కావచ్చు. దానికి వైద్యం వేరు. చెబితే గడగడా చెప్పే పిల్ల రాయమంటే మాత్రం విపరీతంగా చెరుపుతుంటే, రాతలోనే ఏదైనా ఇబ్బంది ఉందేమో పరీక్ష చేయించాలి. పరీక్ష రోజు పొద్దున్న కడుపునొప్పి మామూలే అని తీసిపారెయ్యకండి. అది ప్రతివారం వస్తున్నా, నిద్ర పోయినా, బడి మానేస్తానన్నా ఆగకుండా చూపించాలి. పదేళ్ళ పిల్ల ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట ఒక్కసారి అన్నా అది అలకలో అన్నదని మనం తేల్చెయ్యకూడదు. ఎక్కడికి వెళ్ళాలో తెలియనప్పుడు కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఏ వేళలోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

షటిల్ మెట్టు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. రెండుసార్లు బ్యాటు పట్టుకుని గేటు దాకా వెళ్ళి వచ్చింది. మూడోసారి వెళ్ళి, అరగంట ఆడి, ఒక్క పాయింటూ రాక, తలుపు ధడాలున వేసుకుని గదిలో కూర్చుంది. గళ్ళ పుస్తకంలో మూడో గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. నేను అడగలేదు.

మా వాటా పనులు కూడా కొన్నున్నాయి. నా మెట్టు ఏమిటంటే, పరీక్ష పేపర్ చేతికొచ్చినప్పుడు ముందు బుజ్జి రాసిన జవాబు ఒకటి పూర్తిగా చదవడం, ఎర్ర సిరా తర్వాత. రాత్రి భోజనాల దగ్గర మేం ముగ్గురు పెద్దవాళ్ళం ఆరోజు చేసిన ఒక పొరపాటు చెప్పడం ఇంకోటి. మావారికి ఇది తేలిక. ఆయన రోజుకి నాలుగు చెప్పగలరు. నాకు మాత్రం మొదటి వారం ఉప్మాలో ఉప్పు తప్ప ఏదీ గుర్తురాలేదు.

పోయిన శనివారం ఇంటి దగ్గర డైనింగ్ టేబుల్ మీద కూర్చుని ఒక దరఖాస్తు ఫారం నింపుతున్నాను. పిన్‌కోడ్‌లో ఒక అంకె తప్పు పడింది. పక్కన ఖాళీ ఫారాలు ఇంకా ఉన్నాయి. ఎదురుగా హోంవర్కు చేసుకుంటున్న బుజ్జి తలెత్తకుండానే అడిగింది.

“అమ్మా, ఎన్నో ఫారం అది?”

మూడోది.